ఏడాదికి పదమూడో వాయిదా
(శ్రీకాకుళంలో ఉద్యోగులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నేను బ్యాంకులో అప్పుల విభాగంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ రోజు మీతో ఒకే ఒక్క విషయం మాట్లాడతాను. ఇల్లు కట్టుకోవడానికి తీసుకున్న అప్పుకు ఏడాదిలో పన్నెండు వాయిదాలు కడుతున్నాం కదా, దానికి తోడు ఏటా ఇంకొక్క వాయిదా, అంటే పదమూడోది, కట్టినప్పుడు ఆ అప్పు లెక్కలో ఏం జరుగుతుందన్నదే ఆ విషయం.

ఈ మాట మొదలుపెట్టడానికి ఒక కారణం ఉంది. కొన్నాళ్ల క్రితం నరసన్నపేట నుంచి ఒక లెక్కల మాస్టారు మా ఇంటికి వచ్చారు. ఇరవై ఐదు లక్షల అప్పు, ఇరవై ఏళ్ల గడువు, తొమ్మిది శాతం వడ్డీ. ఏటా ఒక వాయిదా అదనంగా కడితే అప్పు మూడేళ్లకు పైగా ముందే తీరిపోతుందని ఎవరో చెప్పారట. ఆయనకు నమ్మకం కుదరలేదు. “ఏమండీ, పదహారేళ్లలో నేను పదహారు వాయిదాలు ఎక్కువ కడితే పదహారు నెలలు తగ్గాలి గానీ, నలభై ఒక్క నెలలు తగ్గుతాయంటారేమిటి? మిగతా ఇరవై ఐదు నెలలు ఎవరు కడుతున్నట్టు?” అని అడిగారు. లెక్కల మాస్టారు కాబట్టే ఆ ప్రశ్న వచ్చింది. చాలామంది ఎంత తగ్గుతుందని అడుగుతారు గానీ ఎందుకు తగ్గుతుందని అడగరు. ఆ ఇరవై ఐదు నెలలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పడమే ఇవాళ నా పని.

మన ఊళ్లలో పెద్దవాళ్లు వడ్డీని సంవత్సరానికి ఇంత శాతం అని చెప్పరు. నూటికి నెలకు రూపాయి అంటారు, రూపాయిన్నర అంటారు. ఆ భాషలో చెప్పుకుంటే ఏడాదికి తొమ్మిది శాతం అంటే నూటికి నెలకు ముప్పావలా వడ్డీ. ఇరవై ఐదు లక్షల మీద ముప్పావలా వడ్డీ కట్టి చూడండి, మొదటి నెలకు 18,750 రూపాయలు వస్తుంది. ఈ అప్పుకు నెలవారీ వాయిదా 22,493 రూపాయలు. అంటే మొదటి నెల మీ జీతంలోంచి 22,493 వెళ్లాక, అందులో 18,750 వడ్డీ కింద పోయి, అసలు కింద జమ అయ్యేది 3,743 రూపాయలు మాత్రమే. మీరు కట్టిన ప్రతి వందలో ఎనభై మూడు రూపాయలు వడ్డీకి, పదిహేడు రూపాయలు అసలుకు అన్నమాట. పాస్‌బుక్కో, స్టేట్‌మెంటో మొదటిసారి చూసుకున్నవాళ్లు ఏడాదంతా రెండు లక్షల డెబ్బై వేలు కట్టాం, అసలు నలభై ఏడు వేలే తగ్గిందేమిటి, బ్యాంకువాళ్లు మోసం చేశారా అని అడుగుతూ ఉంటారు. మోసమేమీ లేదు. అసలు పెద్దదిగా ఉన్నప్పుడు దాని మీద పుట్టే వడ్డీ కూడా పెద్దదిగానే ఉంటుంది, వాయిదా మాత్రం ఇరవై ఏళ్లూ ఒకటే కావాలన్నాం గనుక మొదట్లో అసలుకు మిగిలేది కొసరు మాత్రమే.

ఇప్పుడు పదమూడో వాయిదా సంగతికి వద్దాం. ధాన్యం అమ్మినప్పుడు బస్తాకు ఇంత తరుగు అని తీయడం మీలో చాలామందికి అనుభవమే. నెలవారీ వాయిదాకు వడ్డీ అనేది అలాంటి తరుగు. నెలకొకసారి పుట్టిన వడ్డీని ఆ నెల వాయిదాలోంచే తీసేసుకున్నాక, అదే నెలలో మీరు ఇంకొక వాయిదా తెచ్చి కడితే దాంట్లోంచి తీయడానికి తరుగేమీ మిగలదు. నూటికి నూరు రూపాయలూ అసలుకే చేరతాయి. పన్నెండు నెలలు వాయిదాలు కట్టి, పన్నెండో వాయిదా పోయిన మర్నాడే ఆ మాస్టారు మరో 22,493 రూపాయలు కట్టారనుకుందాం. ఆ సమయానికి ఆయన మామూలు వాయిదాలో అసలుకు వెళ్లే భాగం నాలుగు వేల వంద రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. పదమూడో నెలలో 4,094, పద్నాలుగో నెలలో 4,125, అలా నెలనెలా ముప్పై రూపాయల చొప్పున పెరుగుతూ పోతుంది. ఆ వరసలో ముందున్న అయిదు వాయిదాల అసలు భాగాలన్నీ కూడితే 20,781 రూపాయలు. అంటే ఆయన ఒకేసారి కట్టిన 22,493 రూపాయలు రాబోయే అయిదు వాయిదాల అసలును పూర్తిగా తీర్చేసి, ఆరోదానిలో కొంత భాగాన్ని కూడా తీర్చేశాయి.

కట్టింది ఒక వాయిదా, లెక్కలో ముందుకు జరిగింది అయిదు నెలల పైచిలుకు. ఆ అయిదు నెలల వాయిదాల్లో ఉండాల్సిన వడ్డీ భాగం, అంటే దాదాపు తొంభై రెండు వేల రూపాయలు, ఇక ఆయన కట్టనక్కరలేదు. పూర్తి లెక్క వేస్తే, ఆ ఒక్క అదనపు వాయిదా వల్లనే గడువు చివర ఆయనకు మిగిలేది సుమారు 99 వేల రూపాయలు. మాస్టారు అడిగిన ఇరవై ఐదు నెలలు ఇక్కడివే. అవి ఎవరో కట్టిన నెలలు కావు. ఆ అసలు మన దగ్గర ఉండిపోయి ఉంటే దాని మీద పుట్టి ఉండాల్సిన వడ్డీ కోసం కట్టే నెలలవి, అసలే లేనప్పుడు వడ్డీ పుట్టదు, ఆ నెలలూ రావు.

ఏటా ఇలాగే కట్టుకుంటూ పోతే ఏమవుతుందో మాస్టారికి కాగితం మీద వేసి చూపించాను. అదనంగా ఏమీ కట్టకపోతే 240 వాయిదాలు, మొత్తం కట్టేది దాదాపు 53 లక్షల 98 వేలు, అందులో వడ్డీయే 28 లక్షల 98 వేలు. ప్రతి సంవత్సరం చివర ఒక వాయిదా అదనంగా కడుతూ పోతే, పదహారేళ్లకు పదహారు అదనపు వాయిదాలు కట్టేసరికి మిగిలే అసలు లక్షా ముప్పై ఏడు వేలు, అది మరో ఏడు నెలల్లో తీరిపోతుంది. మొత్తం 199 నెలలు. వడ్డీ 23 లక్షల 19 వేలకు దిగుతుంది. అంటే మిగిలింది సుమారు 5 లక్షల 79 వేలు. దీన్ని 22,493తో భాగించి చూడమన్నాను. ఆయన అక్కడే భాగించి, “ఇరవై ఐదున్నర పైన” అన్నారు. నలభై ఒకటిలోంచి పదహారు తీసివేస్తే మిగిలే ఇరవై ఐదు అదే. ఆ కొసరు ఎందుకు వచ్చిందంటే, చివరి నెల వాయిదా పూర్తి వాయిదా కాదు, అయిదు వేల ఎనిమిది వందల చిల్లర మాత్రమే. దాని సంగతి చివర చెబుతాను.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. పదహారు అదనపు వాయిదాల విలువ పదహారూ ఒకటే కాదు. మొదటి ఏడాది చివర కట్టినది అయిదు నెలల పైగా ముందుకు నెడుతుందని చూశాం. అదే ఇరవై ఏళ్ల పట్టికలో పదేళ్లు గడిచాక చూస్తే, అప్పటికి మామూలు వాయిదాలో అసలు భాగమే తొమ్మిది వేలు దాటి ఉంటుంది గనుక, ఒక అదనపు వాయిదా రెండు నెలల పైచిలుకు మాత్రమే నెడుతుంది. పదహారేళ్లు దాటాక అయితే ఒకటిన్నర నెల కూడా పూర్తిగా రాదు. అందువల్ల ఈ పద్ధతిలో ఉన్న బలమంతా మొదటి సంవత్సరాల్లోనే ఉంది. పిల్లల చదువులు అయిపోయాక, పెళ్లిళ్లు అయిపోయాక, నింపాదిగా అదనంగా కడదాంలే అనుకునేవాళ్లు సరిగ్గా ఆ బలం పోయాక మొదలుపెడుతున్నారు.

ఈ తేడా ఎంతో చెప్పడానికి రెండు లెక్కలు వేశాను. ఒకరు మొదటి అయిదేళ్లు మాత్రమే ఏటా ఒక వాయిదా అదనంగా కట్టి, తర్వాత ఏ కారణం చేతనో మానేశారు. ఆయన అదనంగా కట్టింది లక్షా పన్నెండు వేలు, గడువులో తగ్గింది ఇరవై ఒక్క నెలలు, వడ్డీలో మిగిలింది 3 లక్షల 69 వేలు. ఇంకొకరు మొదటి పదేళ్లు ఊరుకుని, పదకొండో ఏడాది నుంచి మొదలుపెట్టి ఎనిమిది వాయిదాలు అదనంగా కట్టారు. ఈయన కట్టింది దాదాపు లక్షా ఎనభై వేలు, తగ్గింది పన్నెండు నెలలు, మిగిలింది లక్షా ఎనిమిది వేలు. ఎక్కువ కట్టినాయనకు తక్కువ మిగిలింది. కాబట్టి ఇల్లు కట్టి రెండు మూడేళ్లే అయినవాళ్లు ఇవాళ ఈ సభలో ఉంటే, నేను చెప్పేది ముఖ్యంగా వాళ్ల కోసం. మరో రెండేళ్లలో అప్పు తీరిపోయేవాళ్లు ఈ పూట కాస్త నిద్రపోయినా నష్టం లేదు.

ఇప్పటిదాకా కాగితం మీది లెక్క చెప్పాను. బ్యాంకులో జరిగేది ఎప్పుడూ కాగితం మీది లెక్కలాగే ఉంటుందనుకోకండి. నా సొంత అనుభవమే ఒకటి చెబుతాను. నేనే బ్యాంకు ఉద్యోగిని, అయినా నా ఇంటి అప్పు వేరే సంస్థలో ఉండేది, దాని పేరు అనవసరం. ఒక మార్చి నెలలో కరువు భత్యం బకాయిలు వస్తే ఒక వాయిదాకు సరిపడా సొమ్ము తీసుకెళ్లి అప్పు ఖాతాలో వేసి రసీదు తెచ్చుకుని, పని అయిపోయిందనుకున్నాను. వచ్చే నెల నా జీతం ఖాతాలోంచి వాయిదా పోలేదు. మిగిలిందిలే అని సంతోషించానే గానీ, అర్థం చేసుకోలేదు. నేను కట్టినదాన్ని వాళ్లు అసలు కింద జమ చేయలేదు, రాబోయే నెల వాయిదాను ముందుగా కట్టినట్టు రాసుకున్నారు. అంటే నేను ఒక నెల ముందు వాయిదా కట్టానంతే, అదనంగా ఏమీ కట్టలేదు. ఏడాది చివర స్టేట్‌మెంటు వస్తే అప్పు గడువు ఒక్క నెల కూడా కదలలేదు. ఇరవై ఏళ్లు అప్పులు ఇచ్చిన మనిషి తన అప్పు విషయంలో చేసిన తప్పు ఇది. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

ఆనాటి నుంచి నేను అందరికీ చెప్పేది ఏమిటంటే, సొమ్ముతో పాటు ఒక కాగితం కూడా ఇవ్వండి, లేదా యాప్‌లో కడితే అక్కడ కనిపించే ‘పార్ట్ ప్రీపేమెంట్’ అన్న దారిలోనే కట్టండి, మామూలు ‘పే ఈఎంఐ’ అన్న దారిలో కట్టకండి. ఆ కాగితంలో రెండు మాటలు స్పష్టంగా ఉండాలి. ఈ సొమ్మును అసలు కింద జమ చేసుకోవాలన్నది ఒకటి. నెలవారీ వాయిదా పాత మొత్తంలోనే ఉంచి గడువును తగ్గించాలన్నది రెండోది. కాగితం నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకుని దాచుకోండి.

రెండో మాట ఎందుకంటే, అసలు తగ్గినప్పుడు బ్యాంకు ముందు రెండు దారులుంటాయి. గడువు అలాగే ఉంచి వాయిదా తగ్గించవచ్చు, లేదా వాయిదా అలాగే ఉంచి గడువు తగ్గించవచ్చు. మీరు ఏమీ చెప్పకపోతే కొన్ని చోట్ల మొదటి దారి పట్టిస్తారు. వినడానికి అది మంచిగానే ఉంటుంది, నెలకు కొంత వెసులుబాటు కదా అనిపిస్తుంది. ఎంత వెసులుబాటో చూడండి. మన మాస్టారు మొదటి ఏడాది చివర కట్టిన 22,493 రూపాయలకు గడువు తగ్గించకుండా వాయిదా తగ్గిస్తే, తగ్గేది నెలకు 206 రూపాయలు. మిగిలిన పంతొమ్మిదేళ్లూ ఆ 206 రూపాయలు కలిపినా, కట్టింది పోగా మిగిలేది ఇరవై నాలుగున్నర వేలు. గడువు తగ్గించి ఉంటే మిగిలేది 99 వేలని ఇందాకే చెప్పుకున్నాం. అదే సొమ్ము, అదే రోజు, అదే వడ్డీ, కాగితం మీద ఒక్క వాక్యం తేడా. నెలకు రెండు వందలు మీ చేతిలో ఉంటే అది ఏ కూరగాయల ఖర్చులోనో కలిసిపోతుంది, అసలు దగ్గరికి వెళ్లదు. జీతం తగ్గే పరిస్థితి ఉన్నవాళ్లకూ, వాయిదా బరువు నిజంగా మోయలేకపోతున్నవాళ్లకూ వాయిదా తగ్గించుకోవడమే సరైనది కావచ్చు, వాళ్లను నేను తప్పు పట్టను. కానీ గడువు తగ్గించుకుందామని కట్టి, తెలియకుండా వాయిదా తగ్గించుకున్నవాళ్లే ఎక్కువ.

బ్యాంకు మీ సొమ్మును సరిగ్గా జమ చేసిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కరలేదు. వచ్చే నెల స్టేట్‌మెంటులో వడ్డీ గడి ఒక్కటి చూస్తే చాలు. మాస్టారి లెక్కలో పన్నెండో నెల వడ్డీ 18,429 రూపాయలు. ఆయన అదనంగా ఏమీ కట్టకపోతే పదమూడో నెల వడ్డీ 18,399 అవుతుంది, అంటే ముప్పై రూపాయలు తగ్గుతుంది. అదనపు వాయిదా అసలు కింద జమ అయితే అది 18,230 అవుతుంది. ఎందుకంటే 22,493 మీద ముప్పావలా వడ్డీ 169 రూపాయలు, ఆ 169 ఇక పుట్టదు. తగ్గుదల ముప్పై రూపాయల దగ్గరే ఉందంటే మీ సొమ్ము అసలును తాకలేదన్నమాట, వెంటనే శాఖకు వెళ్లండి. రెండు వందలకు దగ్గరగా తగ్గిందంటే తాకింది. తేదీల తేడా వల్ల, నెలలో రోజుల తేడా వల్ల ఈ అంకె కొంచెం అటూ ఇటూ కావచ్చు గానీ ముప్పైకీ రెండు వందలకూ మధ్య తేడా దాగదు. దాని పక్కనే గడువు గడి, అంటే ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలాయో చూపే గడి, అది కూడా చూడండి. 228 ఉండాల్సిన చోట 223 కనిపిస్తే గడువు తగ్గించారని, 228 అలాగే ఉండి వాయిదా మొత్తం 22,287 అయిందంటే వాయిదా తగ్గించారని అర్థం.

అదనంగా కడితే జరిమానా వేస్తారేమోనన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. మారే వడ్డీ మీద, అంటే ఫ్లోటింగ్ రేటు మీద, వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది, 2014లో ఆ నియమాన్ని వ్యక్తుల ఇతర ఫ్లోటింగ్ రేటు అప్పులకూ వర్తింపజేసింది. స్థిర వడ్డీ అప్పులు, ముఖ్యంగా కార్లకు ఇచ్చేవి, వేరు. వాటి ఒప్పందంలో రుసుము రాసి ఉంటే కట్టాల్సిందే. పైగా అయిదేళ్ల కారు అప్పులో ఈ పదమూడో వాయిదా పెద్దగా పనిచేయదు. ఎనిమిది లక్షలు, తొమ్మిది శాతం, అయిదేళ్లు అనుకుంటే, ఏటా ఒక వాయిదా ఎక్కువ కట్టినా తగ్గేది నాలుగైదు నెలలు, మిగిలేది పదిహేను వేల చిల్లర. ముందస్తు రుసుము ఉంటే అందులో చాలా భాగం దానికే పోవచ్చు. గడువు పొడుగ్గా ఉన్న అప్పులోనే ఈ మందు పనిచేస్తుంది.

ఫ్లోటింగ్ రేటు అన్నాను గనుక మరొక సంగతి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తాను ఇచ్చే అప్పు మీద వడ్డీని, నాలుగు శాతం నుంచి ఆరున్నర శాతానికి పెంచింది. ఆ పెంపు మీ అప్పుల్లోకి వచ్చినప్పుడు చాలా సంస్థలు వాయిదా పెంచకుండా గడువు పొడిగించాయి. మన మాస్టారి అప్పుకే వడ్డీ మొదట్లో అర శాతం పెరిగిందనుకోండి, వాయిదా 22,493 దగ్గరే ఉంచితే 240 నెలల అప్పు 269 నెలలు అవుతుంది. ఇరవై తొమ్మిది నెలలు ఒక్క అర శాతానికి. ఇలా పెరిగినప్పుడు పదమూడో వాయిదా కడుతున్నవాళ్లు, గడువు తగ్గడం లేదేమిటని నిరుత్సాహపడతారు. నిజానికి తగ్గుతూనే ఉంటుంది, ఒక పక్క పెరుగుతున్నదాన్ని ఇంకో పక్క తగ్గిస్తూ ఉంటుంది. వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలో, గడువు పెంచుకోవాలో, రెండూ కొంత కొంత పెంచుకోవాలో ఎంచుకునే వీలు అప్పు తీసుకున్నవాళ్లకు ఇవ్వాలని, మధ్యలో ఎప్పుడైనా కొంతగానో పూర్తిగానో కట్టేసే వీలూ ఉండాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. కాబట్టి గడువు పొడిగించామని సందేశం వస్తే చదివి పక్కన పెట్టకండి, శాఖకు వెళ్లి వాయిదా పెంచుతారా అని అడగండి.

ఆ అదనపు వాయిదా సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందన్నది మీ మీ ఇళ్ల సంగతి. ఉద్యోగులకు బకాయిలో, సరెండరు సెలవుల సొమ్మో వస్తాయి, ఉద్దానం వైపు కొబ్బరి, జీడి తోటలున్నవాళ్లకు పంట సొమ్ము వస్తుంది. నెల జీతం తప్ప ఇంకేమీ రానివాళ్లు ఆ వాయిదాను పన్నెండు ముక్కలు చేసి, నెలకు 1,875 చొప్పున ఎక్కువ కట్టవచ్చు. అలా చేస్తే అప్పు 199కి బదులు 197 నెలల్లో తీరుతుంది, ఏడాది చివరిదాకా ఆగకుండా ముందునుంచే అసలు తగ్గుతుంది గనుక.

అయితే ఈ పదమూడో వాయిదాకు ముందు తీర్చాల్సినవి కొన్ని ఉండవచ్చు. ఇంట్లో ఎవరికైనా బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంటే, అది ఏడాదికి ఇరవై నాలుగు శాతం, దాన్ని అలా ఉంచి ముప్పావలా వడ్డీ అప్పును ముందుగా తీర్చడం తెలివైన పని కాదు. క్రెడిట్ కార్డు బాకీ అంతకన్నా ఖరీదు. అలాగే అసలు కింద కట్టిన సొమ్ము తిరిగి రాదు, అవసరం వచ్చి అడిగినా బ్యాంకు మళ్లీ కొత్త అప్పుగానే ఇస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క పెరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అలాంటి ఏడాదిలో చేతిలో ఆరు నెలల వాయిదాలకైనా సొమ్ము లేకుండా ఉన్నదంతా అసలుకు కట్టేసినవాడు, తొమ్మిది శాతం అప్పు తగ్గించుకుని ఇరవై నాలుగు శాతం అప్పు తెచ్చుకోవాల్సి వస్తుంది. ముందు ఆ ఆరు నెలల సొమ్ము పక్కన పెట్టుకుని, ఆ తర్వాతే పదమూడో వాయిదా గురించి ఆలోచించండి.

ఈ సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయకూడదా అని అడుగుతారు. తొమ్మిది శాతం అప్పులో కట్టిన రూపాయి తొమ్మిది శాతం మిగులుస్తుంది, ఆ మిగులు మీద పన్ను లేదు. డిపాజిట్ మీద వచ్చే వడ్డీ సాధారణంగా దానికన్నా తక్కువ, దాని మీద పన్ను కూడా ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు సొంతంగా కాపురముండే ఇంటి అప్పు వడ్డీ మీద ఏడాదికి రెండు లక్షల దాకా మినహాయింపు ఉంది గనుక వాళ్ల లెక్క కొంత మారుతుంది, కొత్త విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు లేదు. ఎవరికి వాళ్లు వేసుకోవాల్సిన లెక్క ఇది, నేను ఎక్కువసేపు చెప్పను.

చివరి వాయిదా సంగతి చెబుతానన్నాను. మాస్టారి అప్పులో 198 వాయిదాలు పోయాక మిగిలేది 5,811 రూపాయలు, నెల వడ్డీతో కలిపి 5,855. కానీ మీ ఖాతా నుంచి నెలనెలా సొమ్ము లాగడానికి మీరు ఇచ్చిన అనుమతి 22,493 రూపాయలకు ఉంటుంది. ఎవరూ చూడకపోతే ఆ నెలా మొత్తం వాయిదా పోయి, ఎక్కువైన సొమ్ము కోసం మీరు తిరగాల్సి రావచ్చు. అందుకని 198వ వాయిదా పోగానే శాఖకు వెళ్లి, ఫలానా తేదీకి అప్పు పూర్తిగా తీర్చాలంటే ఎంత కట్టాలో రాతపూర్వకంగా తీసుకుని, అంతే కట్టి, ఆ లాగుడు అనుమతిని రద్దు చేయించండి. బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోండి. అప్పు పూర్తిగా తీరిన ముప్పై రోజుల్లోగా మీ ఇంటి అసలు పత్రాలు మీకు తిరిగి ఇచ్చి, తనఖా నమోదు తొలగించాలి, తమ వైపు నుంచి ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు పరిహారం చెల్లించాలి అని 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది, ఆ ఏడాది డిసెంబరు ఒకటి నుంచి అది అమల్లో ఉంది. పత్రాలు చేతికి వచ్చాక ప్రతి పేజీ ఉందో లేదో అక్కడే లెక్కపెట్టుకుని, తర్వాత సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఈసీ తీయించి, మీ ఇంటి మీద తనఖా నమోదు పోయిందో లేదో చూసుకోండి.

ఇక మీరు మీ స్టేట్‌మెంట్లు తెచ్చుకుని ఉంటే, ముందు వరుసలోకి రండి. వడ్డీ గడి ఎక్కడుందో చూపిస్తాను.